యారో కీ నొక్కితే సెల్ కదలదు, షీట్ మొత్తం జరిగిపోతుంది: స్క్రోల్ లాక్ అసలు ఏం చేస్తోంది?

మొన్న సాయంత్రం మా బావ ఫోన్ చేశాడు. ఎరువుల షాపు నడుపుతాడు, కొన్న బిల్లులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో తనే ఎక్కించుకుంటాడు. "ఒరేయ్, కింది యారో నొక్కితే సెల్ కిందికి రావట్లేదురా, షీట్ మొత్తం పైకి పోతోంది, ఫైల్ మూసి తెరిచా, ఎక్సెల్ మొత్తం మూసి తెరిచా, అయినా అంతే, వైరస్ ఏమన్నా పట్టిందంటావా" అన్నాడు.

నేను ఒకటే అడిగా. "బావా, పైన ఎడమ మూలలో, ఫార్ములా రాసే పట్టీ పక్కన చిన్న డబ్బా ఉంటుంది చూడు, అందులో ఏం రాసుంది?"

"D8 అని ఉంది."

"ఇప్పుడు కింది యారో పదిసార్లు నొక్కు. ఇప్పుడేం ఉంది?"

"అదే D8. కానీ షీట్ పది వరసలు పైకి పోయింది."

అంతే, తేలిపోయింది, స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉంది. ఆ డబ్బా పేరు నేమ్ బాక్స్, ఈ సమస్యకి దానికి మించిన పరీక్ష లేదు. యారో నొక్కినప్పుడు వరసల నంబర్లు జరుగుతున్నాయి కానీ నేమ్ బాక్స్‌లో అడ్రస్ మారట్లేదు అంటే అది స్క్రోల్ లాకే అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. నేమ్ బాక్స్‌లో అడ్రస్ కూడా మారుతోందంటే మాత్రం కారణం వేరే, దాని సంగతి కింద చెప్తా.

అసలు జరిగేదేంటో చెప్తాను, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే ఆఫ్ చేయడం తెలిసినా లోపల జరిగిపోయిన నష్టం కనపడదు. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలు ఉంటాయి, మన స్క్రీన్ మీద కనిపించేది ఒక ముప్పై నలభై. అంటే మనం ఎప్పుడూ ఒక పెద్ద గోడని చిన్న కిటికీలోంచి చూస్తున్నట్టు. ఇక్కడ రెండు వేరువేరు విషయాలు ఉన్నాయి, ఒకటి కిటికీ ఎక్కడుంది, రెండోది మనం రాస్తే అక్షరాలు ఎక్కడ పడతాయి, అంటే చుట్టూ మందంగా ఆకుపచ్చ గీత ఉన్న యాక్టివ్ సెల్. మామూలుగా యారో నొక్కితే యాక్టివ్ సెల్ కదులుతుంది, అది స్క్రీన్ అంచు దాటబోతే కిటికీ దాని వెనకాలే వస్తుంది, అందుకే ఆ రెండూ ఒకటే అని మనకి అలవాటైపోయింది. స్క్రోల్ లాక్ ఆన్ అవగానే ఆ జంట విడిపోతుంది. యారో కీలు కిటికీని మాత్రమే జరుపుతాయి, యాక్టివ్ సెల్ ఉన్నచోటే కూర్చుంటుంది. పేరు చూస్తే స్క్రోలింగ్‌ని ఆపేస్తుందేమో అనిపిస్తుంది కానీ చేసే పని దానికి పూర్తిగా ఉల్టా, అందుకే పేరు చదివి కూడా చాలామందికి ఇదే కారణమని తట్టదు.

ఎంటర్, ట్యాబ్ కీలు మాత్రం ఎప్పటిలాగే యాక్టివ్ సెల్‌నే కదుపుతాయి, మౌస్‌తో క్లిక్ చేసినా అక్కడికే వెళ్తుంది. హోమ్, ఎండ్ కీల పని కూడా మారుతుంది. స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉన్నప్పుడు హోమ్ నొక్కితే స్క్రీన్ మీద కనపడే భాగంలో పై ఎడమ మూల సెల్‌కి, ఎండ్ నొక్కితే కింద కుడి మూల సెల్‌కి వెళ్తుంది.

ఇప్పుడు అసలు నష్టం దగ్గరికి వద్దాం. షీట్ జరగడం చిరాకే కానీ ప్రమాదం కాదు. ఆ స్థితిలో మనం ఏదైనా టైప్ చేశామా, అదీ ప్రమాదం.

బావ షీట్‌లో 2వ వరస నుంచి 47వ వరస దాకా బిల్లులు ఉన్నాయి, D కాలమ్‌లో మొత్తాలు, పక్కన ఇంకో సెల్‌లో వాటన్నిటి టోటల్ 2,86,400. ఒక పాత బిల్లు చూసుకోవడానికి D6 మీద క్లిక్ చేశాడు, అందులో 4,250 ఉంది. తర్వాత కొత్త బిల్లు ఎక్కించాలి కాబట్టి కింది యారో పట్టుకుని నొక్కుతూ 48వ వరస స్క్రీన్ మీద కనపడేదాకా వచ్చాడు. ఖాళీ వరస కళ్ళ ముందే ఉంది, అక్కడే ఉన్నాననుకుని 1,875 టైప్ చేసి ఎంటర్ కొట్టాడు. స్క్రీన్ ఒక్కసారిగా పైకి ఎగిరింది. ఎక్సెల్ ఎప్పుడూ అంతే, మనం టైప్ చేయడం మొదలుపెట్టగానే కిటికీని యాక్టివ్ సెల్ దగ్గరికి లాక్కెళ్తుంది. ఆ ఎగరడంలోనే D6లో 4,250 పోయి 1,875 కూర్చుంది. ఎంటర్ కొట్టాడు కాబట్టి యాక్టివ్ సెల్ D7కి దిగింది. స్క్రీన్ ఎగిరింది కదా, మళ్ళీ అదే తలనొప్పి అనుకుని యారోతో మళ్ళీ కిందికొచ్చి రెండో బిల్లు 920 కొట్టాడు. D7లో ఉన్న 3,600 కూడా పోయింది, యాక్టివ్ సెల్ D8కి వచ్చి ఆగింది. నాకు ఫోన్‌లో చెప్పిన D8 అదే.

చెప్పాగా, ఫోన్ చేసేముందు ఫైల్ సేవ్ చేసి మూసి మళ్ళీ తెరిచాడని. ఫైల్ తెరిచి ఉన్నంతసేపు, సేవ్ చేసినా సరే, Ctrl+Z కొడుతూ పోతే పాత అంకెలు వెనక్కి వస్తాయి. మూసేశాక ఆ జాబితా మొత్తం పోతుంది. అందుకే ఈ సమస్య కనపడగానే చాలామంది చేసే మొదటి పని, అంటే మూసి తెరవడం, నిజానికి చేయకూడని పని. దానివల్ల స్క్రోల్ లాక్ పోదు, ఎందుకంటే అది ఫైల్‌లోదీ కాదు, ఎక్సెల్‌దీ కాదు, క్యాప్స్ లాక్ లాగా విండోస్ గుర్తుపెట్టుకునే కీబోర్డ్ స్థితి. పోయేది అన్‌డూ ఒక్కటే.

అదృష్టం కొద్దీ టోటల్‌తో పట్టుకున్నాం. పాత మొత్తం 2,86,400కి రెండు కొత్త బిల్లులు కలిపితే 2,89,195 రావాలి. షీట్‌లో 2,81,345 ఉంది. తేడా 7,850. పోయిన రెండు బిల్లులు 4,250, 3,600 కలిపితే సరిగ్గా అంతే, ఎందుకంటే కొత్తవి ఎలాగూ టోటల్‌లో చేరిపోయాయి, వాటి కింద నలిగిన పాతవే లేవు. కాబట్టి మీ షీట్‌లో కూడా ఇలాంటి అనుమానం ఉంటే, రావాల్సిన టోటల్‌కీ వచ్చిన టోటల్‌కీ తేడా తీసి ఆ మొత్తానికి సరిపోయే బిల్లులేవో కాగితాల్లో వెతకండి, ఎక్కడ పడిందో దొరుకుతుంది. అలాగే ఏదైనా ఒక అంకె దాని బిల్లు నంబరుకీ తేదీకీ పొంతన లేకుండా ఉంటే అదీ గుర్తే. బావ షీట్‌లో 6వ వరసలో తేదీ, కంపెనీ పేరు పాత బిల్లువి, అంకె మాత్రం కొత్త బిల్లుది.

సరే, ఆఫ్ చేయడం ఎలా. పెద్ద కీబోర్డ్ అయితే కుడివైపు పైన ప్రింట్ స్క్రీన్‌కీ పాజ్‌కీ మధ్యలో `ScrLk` అనో `Scroll Lock` అనో ఉంటుంది, ఒక్కసారి నొక్కితే చాలు, ఇంకోసారి నొక్కితే మళ్ళీ ఆన్ అవుతుంది, కంగారులో రెండుసార్లు నొక్కి "పోలేదు" అనుకోవద్దు. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ కీ కనపడదు. అలాంటప్పుడు విండోస్ ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ అన్నిటికంటే నమ్మకమైన దారి. విండోస్ కీ, R కలిపి నొక్కితే వచ్చే డబ్బాలో ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టండి:

```
osk
```

స్క్రీన్ మీద కీబోర్డ్ వస్తుంది, కుడివైపు `ScrLk` బటన్ రంగు మారి ఉంటుంది, దాని మీద మౌస్‌తో ఒక్క క్లిక్. బావకి ఇదే చెప్పా, అర నిమిషంలో అయిపోయింది. మ్యాక్‌లో ఎక్సెల్ వాడేవాళ్ళకి ఈ పని F14 చేస్తుంది, దానితో కాకపోతే షిఫ్ట్ పట్టుకుని F14 నొక్కి చూడండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, నేను ఎంతోమంది పడటం చూశా. ఎక్సెల్ కింద ఉండే స్టేటస్ బార్‌లో, ఎడమవైపు `Ready` అనే మాట పక్కన, స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉంటే `Scroll Lock` అని కనపడుతుంది. ఆ బార్ మీద రైట్ క్లిక్ చేస్తే పెద్ద మెనూ వస్తుంది, అందులో `Scroll Lock` ముందు టిక్ ఉంటుంది. అది చూసి "ఓహో ఆన్‌లో ఉంది" అని టిక్ తీసేస్తారు. అది స్విచ్ కాదు. ఆ టిక్‌కి అర్థం "ఆన్‌లో ఉన్నప్పుడు ఇక్కడ చూపించు" అని మాత్రమే. టిక్ తీసేస్తే స్క్రోల్ లాక్ ఆన్‌లోనే ఉంటుంది, దాని గురించి చెప్పే ఒక్క గుర్తు కూడా పోతుంది. ఇక తర్వాతసారి కారణం కనుక్కోవడం ఇంకా కష్టం. అదే మెనూలో అదే లైన్‌కి కుడి చివర `On` లేదా `Off` అని రాసుంటుంది, అదీ నిజమైన స్థితి, అది చూడాలి. టిక్ ఎవరైనా తీసేసి ఉంటే దయచేసి తిరిగి పెట్టుకోండి.

మరి కీ కూడా లేని ల్యాప్‌టాప్‌లో అది ఎలా ఆన్ అయింది? బావ అడిగిన రెండో ప్రశ్న ఇదే, మంచి ప్రశ్న. కీ మీద రాసి లేకపోయినా చాలా ల్యాప్‌టాప్‌లలో Fn కీతో కలిపి ఒక అక్షరానికి స్క్రోల్ లాక్ పని దాచి ఉంచుతారు. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో Fn+K, డెల్ వాళ్ళ చాలా మోడళ్ళలో Fn+S, హెచ్‌పీ వాళ్ళ చాలా మోడళ్ళలో Fn+C, మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి మీదేదో దాని మాన్యువల్‌లో చూసుకోండి. ఇప్పుడు మీ కీబోర్డ్ ఎడమ కింద మూల చూడండి, Ctrl, Fn పక్కపక్కనే ఉంటాయి. కాపీ చేద్దామని Ctrl+C కొట్టబోయి వేలు ఒక్క కీ పక్కకి పడితే Fn+C, సేవ్ చేద్దామని Ctrl+S కొట్టబోయి జారితే Fn+S. రోజుకి వందసార్లు కాపీ, సేవ్ కొట్టేవాళ్ళకి ఇది ఏదో ఒకరోజు జరక్క తప్పదు. పైగా అప్పుడు కాపీ కూడా అవ్వదు, సేవ్ కూడా అవ్వదు, స్క్రోల్ లాక్ ఒక్కటే ఆన్ అవుతుంది, అంటే సేవ్ అయ్యిందనుకున్న పని కూడా సేవ్ అవ్వలేదన్నమాట. బావ విషయంలో ఏ జోడీ పడిందో ఆయనకీ గుర్తులేదు, కానీ ఆయన వేళ్ళు కొట్టే తీరు చూసినవాడిగా ఇలాగే జరిగుంటుందని నా నమ్మకం. డెస్క్‌టాప్ మీద అయితే ఎక్కువగా ప్రింట్ స్క్రీన్ కొట్టబోయి పక్క కీ మీద పడటమే.

ఇంకో కారణం ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్ళలో చూశా. కంప్యూటర్ లాక్ అవ్వకుండా, నిద్రపోకుండా ఉండటానికి నిమిషానికోసారి ఏదో ఒక కీ నొక్కే చిన్న స్క్రిప్ట్ నడుపుతుంటారు, అందులో ఎక్కువమంది ఎంచుకునేది స్క్రోల్ లాకే, ఎందుకంటే అది నొక్కితే ఏ అక్షరమూ పడదు, "ఏమీ కాదు" అనుకుంటారు. ఎక్సెల్‌లో మాత్రం అవుతుంది. నిమిషానికి ఒక్కసారే నొక్కే స్క్రిప్ట్ అయితే ఒక నిమిషం ఆన్, ఒక నిమిషం ఆఫ్, యారో కీలు కాసేపు బాగుంటాయి, కాసేపు తిక్కగా ఉంటాయి. సమస్య దానంతటదే వచ్చి పోతోందంటే ముందు దీన్నే అనుమానించండి. రెండేసిసార్లు నొక్కే స్క్రిప్ట్ కూడా మధ్యలో ఆపేస్తే ఆన్‌లో వదిలేయగలదు. కీబోర్డ్ మీద లైటు లేనివాళ్ళు స్థితి తెలుసుకోవాలంటే పవర్‌షెల్‌లో ఈ రెండు లైన్లు చాలు, ఆన్ అయితే `True`, ఆఫ్ అయితే `False` అని చెప్తుంది:

```
Add-Type -AssemblyName System.Windows.Forms
[System.Windows.Forms.Control]::IsKeyLocked('Scroll')
```

అసలు ఇంత ఇబ్బంది పెట్టే కీ ఎందుకు పెట్టారని అడగొచ్చు. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ కీబోర్డ్‌లో 83 కీలు ఉండేవి, అందులో ఇది ఒకటి. అప్పటి స్క్రీన్ మీద 25 లైన్లు, లైనుకి 80 అక్షరాలు, అంతే కనపడేది. ఆ పీసీకి మౌస్ లేదు. కర్సర్‌ని కదపాలన్నా యారోలే, తెరని జరపాలన్నా యారోలే, ఒకే నాలుగు కీలకి రెండు పనులు, కాబట్టి ఏ పని కావాలో చెప్పడానికి ఒక స్విచ్ కావాల్సి వచ్చింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్ దీన్ని సరిగ్గా ఇప్పుడు ఎక్సెల్ వాడుతున్నట్టే వాడింది, ఆన్‌లో ఉంటే తెర అడుగున `SCROLL` అని చూపించేది. విండోస్ కోసం ఎక్సెల్ 1987లో వచ్చినప్పుడు జనమంతా లోటస్‌కి అలవాటుపడి ఉన్నారు, వాళ్ళ వేళ్ళకి తెలిసిన పద్ధతి ఉంచడం సహజమే. తర్వాత మౌస్‌కి చక్రం వచ్చింది. గమనించండి, చక్రం తిప్పితే జరిగేది కూడా సరిగ్గా ఇదే, కిటికీ జరుగుతుంది, యాక్టివ్ సెల్ ఉన్నచోటే ఉంటుంది, టైప్ చేస్తే పాతచోటే పడుతుంది. చక్రం తిప్పినప్పుడు మనకి అయోమయం రాదు ఎందుకంటే తిప్పింది మనమే అని తెలుసు, తర్వాత క్లిక్ చేస్తాం కూడా. యారోతో మాత్రం క్లిక్ చేయం, అలవాటు కొద్దీ నేరుగా టైప్ చేస్తాం.

ఇక ఇలాగే కనపడే వేరే తికమకలు. యారో నొక్కితే సెల్ కదలకుండా నీలంగానో బూడిదగానో ఎంపిక పెరుగుతూ పోతోందంటే అది F8 పడి ఎక్స్‌టెండ్ మోడ్‌లోకి వెళ్ళడం, కింద `Extend Selection` అని ఉంటుంది, ఎస్కేప్ నొక్కితే పోతుంది. ఒక్క యారోకే డేటా చివరిదాకా దూకుతోందంటే ముందు ఎండ్ కీ పడి ఉంటుంది, కింద `End Mode` అని ఉంటుంది, మళ్ళీ ఎండ్ నొక్కితే సరి. యారో నొక్కితే సెల్ లోపలి అక్షరాల మధ్య కర్సర్ తిరుగుతోందంటే సెల్ ఎడిట్‌లో ఉంది, F2 నొక్కితే మారుతుంది. ఈ మూడింటికీ స్క్రోల్ లాక్‌తో సంబంధం లేదు, స్టేటస్ బార్ ఎడమ మూల ఏ మాట ఉందో చదివితే ఏది ఏదో తెలిసిపోతుంది. ఫ్రీజ్ పేన్స్ ఒక్కటి కాస్త మోసం చేస్తుంది. పైన ఎక్కువ వరసలు ఫ్రీజ్ చేసి ఉంటే, జరిగే భాగం కింద సన్నగా మిగిలి, సెల్ కదులుతున్నా కనపడదు. అప్పుడు నేమ్ బాక్స్‌లో అడ్రస్ మారుతూనే ఉంటుంది, అందుకే మొదట అదే చూడమన్నా.

స్క్రోల్ లాక్‌ని కావాలని వాడే సందర్భం కూడా ఉంది, బావకి చివర్లో అదే చూపించా. పోయిన బిల్లులు మళ్ళీ ఎక్కించాక మొత్తం షీట్‌ని కాగితాలతో సరిచూసుకోవాల్సి వచ్చింది. అక్క బిల్లులు చదువుతూ ఉంటే బావ D48లో ఉండి, స్క్రోల్ లాక్ ఆన్ చేసుకుని, యారోతో పైనుంచి ఒక్కో వరసే జరుపుకుంటూ చూసుకుంటూ వచ్చాడు. మౌస్ చక్రం మూడేసి వరసలు దూకుతుంది, యారో అయితే నొక్కుకి ఒక్కటే. చూడటమే పని, టైప్ చేయడం లేదు, కాబట్టి ప్రమాదం లేదు. అయిపోయాక Ctrl పట్టుకుని బ్యాక్‌స్పేస్ నొక్కితే కిటికీ నేరుగా యాక్టివ్ సెల్ దగ్గరికి వచ్చేసింది, D48, కొత్త బిల్లు ఎక్కించాల్సిన ఖాళీ వరస. స్క్రోల్ లాక్ ఆఫ్ చేసి, నేమ్ బాక్స్‌లో D48 అని చూసుకుని, అప్పుడు 1,875 కొట్టాడు.